క్షమాపణలో వాతావరణం మాటెందుకు?

2025 డిసెంబరు 5న ఇండిగో ఒక్కరోజులో వెయ్యికి పైగా విమానాలు రద్దు చేసింది. ఆ సంస్థ రోజూ నడిపే సర్వీసుల్లో అవి సగానికి మించి. ఆ రోజే సీఈఓ పీటర్ ఎల్బర్స్ వీడియోలో మాట్లాడారు. ప్రయాణికులకు క్షమాపణ చెప్పారు. ఎన్ని విమానాలు రద్దయ్యాయో చెప్పారు. రద్దయిన విమానం కోసం ఎయిర్‌పోర్టుకు రావద్దన్నారు. వ్యవస్థలన్నిటినీ మళ్లీ మొదటి నుంచి సర్దుకుంటున్నామని, డిసెంబరు 10, 15 తేదీల మధ్య అంతా మామూలవుతుందని చెప్పారు. ఇందులో పనికొచ్చే సమాచారం ఉంది, కాదనను. కానీ క్షమాపణకు ప్రాణమైన వాక్యం అందులో లేదు. ఈ తప్పు ఎవరు చేశారు, ఏ నిర్ణయంతో చేశారు, ఆ నిర్ణయం ఎందుకు తప్పు అన్న సంగతి ఎక్కడా రాలేదు. తప్పు పేరు చెప్పకుండా మన్నించమంటే, మన్నించాల్సింది దేన్ని?

ఆ లోటు పొరపాటున వచ్చింది కాదని నా అభిప్రాయం. రెండు రోజుల ముందు, డిసెంబరు 3న, సంస్థ విడుదల చేసిన ప్రకటన చదివితే ఎవరికైనా అర్థమవుతుంది. ముందుగా ఊహించని అనేక నిర్వహణ సవాళ్లు ఎదురయ్యాయని అందులో రాశారు. చిన్న సాంకేతిక లోపాలు, శీతాకాలం షెడ్యూలు మార్పులు, ప్రతికూల వాతావరణం, విమానయాన వ్యవస్థలో పెరిగిన రద్దీ, సిబ్బంది డ్యూటీలపై కొత్త నియమాల అమలు, ఇవన్నీ కలిసి దెబ్బతీశాయన్నారు. ఐదు కారణాలు. ఐదింటిలో ఒక్కచోట కూడా ఇండిగో యాజమాన్యం కర్త కాదు. లోపం వచ్చిందట, వాతావరణం మారిందట, రద్దీ పెరిగిందట, నియమం వచ్చిందట. దేశంలో విమానమెక్కే పదిమందిలో ఆరుగురికి పైగా మోసే సంస్థ, తన వ్యాపారంలో తాను చేసింది ఏమీ లేదన్నట్టు మాట్లాడింది.

ఆ ఐదో కారణం దగ్గర ఆగుదాం. అసలు కథంతా అక్కడే ఉంది. పైలట్ల అలసటను తగ్గించడానికి డీజీసీఏ డ్యూటీ, విశ్రాంతి నియమాలను మార్చింది. వారానికి 36 గంటలున్న విశ్రాంతిని 48 గంటలు చేసింది. పైలట్ చేసే రాత్రి ల్యాండింగులను ఆరు నుంచి రెండుకు తగ్గించింది. రాత్రి అంటే అర్ధరాత్రి నుంచి ఉదయం 6 దాకా అని లెక్క మార్చింది. ఇవి రాత్రికి రాత్రి నెత్తిన పడ్డ నియమాలు కావు. 2024 జనవరిలో ప్రకటించారు. ఆ ఏడాది జూన్‌లోనే అమలు కావాల్సింది. విమానయాన సంస్థలు అభ్యంతరం చెప్పడంతో వాయిదా పడింది. పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టులో పోరాడాక రెండు విడతలుగా అమలు తేలింది: మొదటిది 2025 జూలై 1న, రెండోది నవంబరు 1న. అంటే ఇరవై రెండు నెలల ముందే చేతికందిన కాగితం అది. తేదీతో సహా తెలిసిన దాన్ని 'ముందుగా ఊహించనిది' అని రాయడం అబద్ధం. మెత్తటి మాటల్లో చెప్పినా అది అబద్ధమే.

నియమం మారితే విమానయాన సంస్థ చేయాల్సిన లెక్క బ్రహ్మవిద్య కాదు. ప్రతి పైలట్‌కు వారంలో పన్నెండు గంటల విశ్రాంతి పెరిగింది, రాత్రి దిగే విమానాలకు ఎక్కువ మంది కావాలి, కాబట్టి ఉన్న పైలట్లతో నిన్నటి షెడ్యూలు నడవదు. అప్పుడు దారులు రెండే. పైలట్లను ముందుగా చేర్చుకుని శిక్షణ ఇచ్చి సిద్ధం చేసుకోవాలి. లేదంటే విమానాలు తగ్గించుకోవాలి. ఇండిగో శీతాకాలం షెడ్యూలును వేసవి కంటే పెంచింది. రెండేళ్ల వ్యవధి ఉన్నా నియామకాలు ఆపుకుని కూర్చుందని పైలట్ల సంఘం ఆరోపించింది. తరువాత డీజీసీఏ విచారణ కూడా అదే దిక్కు చూపింది. విమానాలనూ సిబ్బందినీ చివరి అంచుదాకా వాడుకునే పద్ధతి, కొత్త నియమాలకు తగినంతగా సిద్ధపడకపోవడం, సాఫ్ట్‌వేర్ సహాయంలో లోపాలు, యాజమాన్య నిర్మాణంలో లోపాలు అని తేల్చింది. డిసెంబరు 3 నుంచి 5 దాకా మూడు రోజుల్లోనే 2,507 విమానాలు రద్దయ్యాయని, 1,852 ఆలస్యమయ్యాయని, మూడు లక్షల మందికి పైగా ప్రయాణికులు చిక్కుకుపోయారని లెక్క చెప్పింది. ఈ కారణాల్లో వాతావరణం లేదు, రద్దీ లేదు. కంపెనీ నిర్ణయాలున్నాయి.

ఒక సంస్థ అధిపతి మాటల ఎంపిక గురించి ఇంత గొడవ దేనికని అడిగేవాళ్లుంటారు. మర్యాదకు సంబంధించిన విషయమైతే నేనూ ఇంత రాసేవాణ్ణి కాదు. ఇది డబ్బుకు, హక్కుకు సంబంధించిన విషయం. మన దేశంలో విమానం రద్దయితే ప్రయాణికుడికి ఏం రావాలో డీజీసీఏ నియమాల్లో ఉంది. ముందుగా తగిన సమాచారం ఇవ్వకుండా రద్దు చేస్తే టికెట్ డబ్బు వాపసు లేదా వేరే విమానంతో పాటు నష్టపరిహారం కూడా ఇవ్వాలి. గంట లోపు ప్రయాణానికి 5,000 రూపాయలు, రెండు గంటల దాకా 7,500, అంతకు మించితే 10,000. లేదా మూల చార్జీకి ఇంధన చార్జీ కలిపిన మొత్తం. రెండింటిలో ఏది తక్కువైతే అది. అయితే అదే నియమంలో ఒక మినహాయింపు ఉంది. సంస్థ చేతిలో లేని అసాధారణ పరిస్థితుల వల్ల రద్దయితే ఈ పరిహారం ఇవ్వక్కర్లేదు. ఆ పరిస్థితుల్లో వాతావరణం ఉంది, గగనతల నియంత్రణలో జాప్యం ఉంది, విమానాన్ని ప్రభావితం చేసే ప్రభుత్వ ఆదేశం ఉంది.

ఇప్పుడు డిసెంబరు 3 ప్రకటనను మళ్లీ చదవండి. వాతావరణం, రద్దీ, నియమం. ఆ మాటలు రాసినవారి మనసులో ఏముందో నేను చెప్పలేను. కానీ ఆ మాటలు ఏ తలుపు తెరిచి పెడతాయో నియమం చదివిన ప్రతి ఒక్కరికీ కనిపిస్తుంది. 24 గంటల లోపు రద్దయిన విమానాలకు 5,000 నుంచి 10,000 దాకా నియమం ప్రకారం ఇస్తామని ఇండిగో చివరికి చెప్పింది. ఎప్పుడు? డిసెంబరు 11 ప్రకటనలో. వీడియో క్షమాపణకు ఆరు రోజుల తరువాత. ఆ రోజే, తీవ్రంగా నష్టపోయినవారికి 10,000 రూపాయల వోచర్లు ఇస్తామని కూడా చెప్పింది. ఆ వోచర్‌ను పన్నెండు నెలల్లో మళ్లీ ఇండిగోలోనే వాడుకోవాలి. 'తీవ్రంగా' నష్టపోయినవారెవరో తేల్చేది కూడా ఆ సంస్థే. దెబ్బతిన్నవాడు మళ్లీ అదే గుమ్మం ఎక్కితే తప్ప చేతికి రాని సొమ్మును పరిహారమని నేను ఒప్పుకోను.

ఇంకో మాట ఉంది, ప్రతి కార్పొరేట్ క్షమాపణలోనూ తప్పకుండా ఉంటుంది: 'అసౌకర్యానికి చింతిస్తున్నాం'. బస్సులో సీటు గట్టిగా ఉంటే అసౌకర్యం. ఆ డిసెంబరులో జరిగినవి చూడండి. కర్ణాటకలో కొత్త దంపతులు తమ రిసెప్షన్‌కు తామే చేరుకోలేక, హాల్లో బంధువులంతా కూర్చుని ఉండగా వీడియోలో పలకరించారు. ఢిల్లీ విమానాశ్రయంలో ఒక తండ్రి తన బిడ్డకు శానిటరీ ప్యాడ్ కావాలని కౌంటర్ దగ్గర అరిచి అడగాల్సి వచ్చింది. శంషాబాద్‌లో మాల వేసుకున్న అయ్యప్ప స్వాములు కొచ్చి విమానం కోసం గంటల తరబడి చూసి చూసి ఆందోళనకు దిగారు. ఇంటర్వ్యూకు పోవాల్సినవాడు, ఆపరేషన్ తేదీ ఇచ్చిన రోగి, తండ్రి చివరిచూపు కోసం బయలుదేరిన కూతురు, వీళ్లందరికీ జరిగింది ఒకే మాటలో ఇమడదు. ఎవరికి ఏం జరిగిందో తెలుసుకుని ఆ పేరుతోనే చెప్పడం క్షమాపణ కోరేవాడి మొదటి బాధ్యత.

టికెట్ డబ్బు తిరిగిచ్చాం కదా అన్న సమాధానం కూడా వినిపించింది. డిసెంబరు 7 నాటికి 610 కోట్ల రూపాయలు వాపసు చేశారని ప్రభుత్వమే చెప్పింది. మంచిదే. కానీ ఐదు వేలకు నెలముందు కొన్న టికెట్ రద్దయినవాడికి ఐదు వేలు వాపసు ఇస్తే లెక్క సరిపోదు. ఆ రోజు వేరే సంస్థ టికెట్ ఎంతకు దొరికిందన్నదే లెక్క. చార్జీలు అంత పెరిగినందుకే డిసెంబరు 6న ప్రభుత్వం పరిమితి విధించాల్సి వచ్చింది: 500 కిలోమీటర్ల దాకా 7,500, వెయ్యి దాకా 12,000, పదిహేను వందల దాకా 15,000, ఆపైన 18,000 రూపాయలు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఐదు వేలకు టికెట్ కొని పెట్టుకున్న మనిషి, ఆ పరిమితి లోపలే వేరే విమానమెక్కినా పది వేల దాకా చేతి నుంచి పెట్టుకోవాలి. నలుగురి కుటుంబమైతే నలభై వేలు. వాపసు అనేది ఇవ్వని సరుకుకు తీసుకున్న డబ్బును తిరిగి ఇవ్వడం. అందులో దాతృత్వం లేదు, ప్రాయశ్చిత్తమూ లేదు.

తప్పు ఒప్పుకుంటే కోర్టుల్లో మెడకు చుట్టుకుంటుందని లాయర్లు భయపెడతారు. ఆ మాట విని అధిపతులు నోరు కట్టేసుకుంటారు. కానీ 2008లో కెనడాలో మేపుల్ లీఫ్ ఫుడ్స్ సంస్థ మాంసం తిని లిస్టీరియా సోకి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ సంస్థ అధిపతి మైకేల్ మెకెయిన్ టీవీలో నిలబడి బాధ్యత తమదేనన్నారు. తనిఖీ చేయాల్సిన ప్రభుత్వ సంస్థ మీద చెయ్యి చూపే అవకాశం ఉన్నా చూపలేదు. ఈ సంక్షోభంలో తాను రెండు రకాల సలహాదారుల మాట పట్టించుకోలేదని, ఒకరు లాయర్లు, రెండోవారు అకౌంటెంట్లని బహిరంగంగానే చెప్పారు. దావాలు వచ్చాయి. గరిష్ఠంగా 2 కోట్ల 70 లక్షల కెనడా డాలర్ల దాకా చెల్లించే ఒప్పందంతో అవి తెమిలాయి. సంస్థ మునిగిపోలేదు. పోయిన ప్రాణాలకు ఏ మాటా సాటి రాదు, మెకెయిన్‌ను గొప్పవాణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. ఒప్పుకోలుతో కంపెనీ కూలిపోతుందన్న భయానికి అంత బలం లేదని మాత్రమే చెబుతున్నాను. చనిపోయినవారి కుటుంబాల ముందు నిలబడి ఆయన చెప్పగలిగిన మాట, విమానాలు రద్దు చేసినవారు చెప్పలేరా?

వాతావరణం సంగతికొస్తే 2007 ఫిబ్రవరి 14 నాటి జెట్‌బ్లూ ఉదంతం ప్రతి విమానయాన సంస్థ అధిపతీ చదవాలి. ఆ రోజు న్యూయార్క్ మీద మంచుతుపాను నిజంగానే విరుచుకుపడింది. జేఎఫ్‌కే విమానాశ్రయంలో జెట్‌బ్లూ విమానాలు ప్రయాణికులను ఎక్కించుకుని, ఎగరలేక, గేటుకు తిరిగి రాలేక నేలమీదే గడ్డకట్టినట్టు నిలబడ్డాయి. కొన్నింటిలో జనం దాదాపు పది గంటలు కూర్చున్నారు. మిగతా సంస్థలు ముందుగానే రద్దు చేసుకుంటే, జెట్‌బ్లూ తుపాను తెరిపిస్తుందన్న ఆశతో జనాన్ని ఎక్కిస్తూ పోయింది. తరువాతి రోజుల్లో వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. సంస్థ స్థాపకుడు, సీఈఓ డేవిడ్ నీల్‌మన్ తుపాను చాటున దాక్కోగలిగేవారే, జనం నమ్మేవారు కూడా. ఆయన అలా చేయలేదు. తాను సిగ్గుతో తలదించుకుంటున్నానని, తమ యాజమాన్యం ఆ స్థాయికి సరిపోలేదని పత్రికలకు చెప్పారు. పైలట్లు, సిబ్బంది ఎక్కడున్నారో తెలుసుకునే సమాచార వ్యవస్థ తమకు సరైనది లేదని, ఫోన్లు ఎత్తే రిజర్వేషన్ విభాగం చేతులెత్తేసిందని ఒప్పుకున్నారు. వారం తిరగకుండానే ప్రయాణికుల హక్కుల పత్రం ప్రకటించారు. ఎన్ని గంటల ఆలస్యానికి ఎంత పరిహారమో అందులో అంకెల్లో రాశారు. అప్పటికే దెబ్బతిన్నవారికి కూడా దాన్ని వర్తింపజేశారు. అదీ వోచర్ల రూపంలోనే, ఆ లోపం ఉంది. ఆ మే నెలలో ఆయన సీఈఓ పదవి కూడా పోయింది. క్షమాపణ పదవిని కాపాడే తాయెత్తు కాదు, కాకూడదు కూడా. కానీ వాతావరణం వచ్చింది నిజమే, చెడిపోయింది మాత్రం మా పని అని విడదీసి చెప్పిన ఆ తేడా చూడండి. తుపాను పైనుంచి వచ్చింది. గేటుకు తిరిగి తీసుకురాకపోవడం కింద కూర్చున్నవారి నిర్ణయం.

ఇండిగో చైర్మన్ విక్రమ్ మెహతా డిసెంబరు 10న మరో వీడియోలో వచ్చారు. క్షమాపణ చెప్పారు. దాంతోపాటు ఈ సంక్షోభాన్ని సంస్థే కావాలని సృష్టించిందన్నది, నియమాలను పక్కదారి పట్టించాలని చూసిందన్నది, భద్రతతో రాజీపడిందన్నది నిజం కాదని ఖండించారు. ఆ ఆరోపణలు నిజమా కాదా అన్న తగువులోకి నేను పోను. ఖండించుకునే హక్కు ఆయనకు ఉంది. ఇంకో రోజు, ఇంకో చోట, విచారణ ముందు ఖండించుకోవాలి. క్షమించమని అడగడానికి వచ్చిన మనిషి తన మీద పడ్డ నిందల జాబితా తీసి ఒక్కొక్కటీ కొట్టేయడం మొదలుపెడితే, వినేవాడు న్యాయమూర్తిగా మారాల్సి వస్తుంది. ఆ మనిషి ఎయిర్‌పోర్టు నేలమీద రాత్రంతా పడుకుని లేచాడు. అతనికి వాదన వినే ఓపిక ఉండాలని ఎవరన్నారు?

సరే, ఎలా ఉండాలి? విమర్శించి చేతులు దులుపుకోను. డిసెంబరు 5 సాయంత్రం ఆ కుర్చీలో కూర్చున్న మనిషి చదవాల్సిందని నేననుకునే ప్రసంగం ఇది. ఇది నేను రాసింది, ఎవరూ చదవలేదు.

"ఈ రోజు మేం వెయ్యికి పైగా విమానాలు రద్దు చేశాం. మూడు రోజులుగా లక్షల మందిని వాళ్లు చేరాల్సిన చోటికి చేర్చలేదు. మీలో కొందరు పెళ్లికి వెళ్లలేకపోయారు. కొందరు అంత్యక్రియలకు వెళ్లలేకపోయారు. కొందరు పిల్లలతో, ముసలివాళ్లతో, తిండీ నీళ్లూ లేకుండా నేలమీద రాత్రి గడిపారు. మీ సామాను ఎక్కడుందో కూడా మేం చెప్పలేకపోయాం.

"దీనికి కారణం మా నిర్ణయం. పైలట్ల విశ్రాంతి నియమాలు మారతాయని మాకు 2024 జనవరి నుంచి తెలుసు. నవంబరు 1న అమలవుతాయని తెలుసు. ఆ నియమాల ప్రకారం మా షెడ్యూలుకు సరిపడా పైలట్లను మేం సిద్ధం చేయలేదు. విమానాలు తగ్గించుకోవాల్సిన సమయంలో పెంచాం. ఆ షెడ్యూలుకు అనుమతి ఇచ్చింది నేను. నియమం సరైనది. అలసిన పైలట్ మీ విమానం నడపకూడదు. ఈ మూడు రోజులు కౌంటర్ల దగ్గర మీ కోపాన్ని భరించిన మా ఉద్యోగులది ఇందులో ఏ తప్పూ లేదు. వాళ్ల దగ్గర మీకు చెప్పడానికి సమాధానం లేకుండా చేసింది మేమే.

"రేపటి నుంచి ఏం చేస్తామో చెబుతాను. మా దగ్గరున్న పైలట్లతో, కొత్త నియమాలు పూర్తిగా పాటిస్తూ నడపగలిగినన్ని విమానాలే నడుపుతాం. మిగతావి ఈ రాత్రే రద్దు చేసి, మీరు ఇంటి నుంచి బయలుదేరకముందే మెసేజ్ పంపుతాం. నియమాల నుంచి మినహాయింపు మేం అడగడం లేదు.

"రద్దయిన ప్రతి టికెట్ డబ్బూ మీరు అడగకుండానే మీరు కట్టిన ఖాతాలోకి వస్తుంది. దాంతోపాటు నియమంలో ఉన్న పరిహారం కూడా నగదుగా వస్తుంది. ఏ మినహాయింపునూ మేం వాడుకోం. వేరే విమానమో, రైలో, కారో పట్టుకుని వెళ్లినవారు బిల్లు పంపితే పైన పడ్డ ఖర్చు మేం ఇస్తాం. సామాను మీ ఇంటికే తెచ్చి ఇస్తాం. ఈ నెల 15న మళ్లీ వచ్చి, ఎంతమందికి ఎంత ఇచ్చామో, ఎంతమందికి ఇంకా ఇవ్వలేదో లెక్క చెబుతాను.

"మీరు మమ్మల్ని నమ్మి డబ్బు కట్టారు. మేం మాట తప్పాం. క్షమించమని అడుగుతున్నాను. క్షమించకపోయినా మీకు రావాల్సింది మీకు వస్తుంది."

ఇది చదవడానికి మూడు నిమిషాలు పట్టదు. ఇందులో ఏమేం లేవో చూడండి. వాతావరణం లేదు. ఇన్నేళ్లుగా ఎన్ని కోట్ల మందిని మోశామన్న గొప్ప లేదు. మీ సహనానికి కృతజ్ఞతలన్న మాట లేదు, ఎందుకంటే జనం చూపించింది సహనం కాదు, వాళ్లకు వేరే దారి లేక నిలబడ్డారు. మా బృందాలు రాత్రింబవళ్లు శ్రమిస్తున్నాయన్న వాక్యం లేదు. శ్రమిస్తున్నది నిజమే అయినా, ఆ శ్రమ తెచ్చిపెట్టిన యాజమాన్యం దాన్ని తన ఖాతాలో రాసుకోకూడదు. క్షమాపణ తరువాత 'అయితే' అన్న మాట లేదు. క్రియలన్నిటికీ కర్త ఉన్నాడు: చేశాం, పెంచాం, తప్పాం. ఏ సంస్థ క్షమాపణ చేతికొచ్చినా ఇలా పరీక్షించండి. ఏం చేశారో, ఎవరు చేశారో, అడగకుండా ఏమిస్తారో, ఏ తేదీకి లెక్క చెబుతారో వెతకండి. ఈ నాలుగింటిలో ఒకటి లేకపోయినా వాళ్లు మీతో మాట్లాడటం లేదు, షేర్ మార్కెట్‌తోనో లాయర్‌తోనో మాట్లాడుతున్నారు.

ఆ ప్రసంగంలో అన్నిటికంటే ఖరీదైన వాక్యం, మినహాయింపు అడగడం లేదన్నది. అసలు జరిగింది దీనికి పూర్తిగా ఎదురు. డిసెంబరు 5నే రాత్రి డ్యూటీల నియమాల నుంచి ఇండిగోకు 2026 ఫిబ్రవరి 10 దాకా డీజీసీఏ సడలింపు ఇచ్చింది. సెలవును వారపు విశ్రాంతిగా లెక్కగట్టకూడదన్న నిబంధనను సంస్థలన్నిటికీ వెనక్కి తీసుకుంది. పైలట్ల సంఘాలు దీన్ని తీవ్రంగా తప్పుపట్టాయి. చిక్కుకుపోయిన జనాన్ని కదిలించడానికి ఆ రోజు వేరే దారి లేదని వాదించవచ్చు, ఆ వాదనను నేను తేలిగ్గా కొట్టిపారేయను. కానీ ఫలితం ఏమిటి? సిద్ధపడనందుకు సంస్థకు వెసులుబాటు దక్కింది. సిద్ధపడినందుకు మిగతా సంస్థలకు ఏమీ దక్కలేదు. పైలట్ నిద్ర వాయిదా పడింది. తరువాత షెడ్యూల్లో పది శాతం కోత పెట్టమని ప్రభుత్వం ఆదేశించింది. ఆ కోతను నవంబరు 1కి ముందే ఇండిగో తనంతట తాను పెట్టుకుని ఉంటే ఈ వ్యాసమే అక్కర్లేకపోయేది.

2026 జనవరిలో డీజీసీఏ ఇండిగోకు 22.20 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఎల్బర్స్‌ను హెచ్చరించింది. ఆ జరిమానా ఖజానాకు పోతుంది. నేలమీద పడుకున్నవారికి అందులో ఒక్క రూపాయి రాదు. వాళ్లకు రావాల్సింది వాళ్లే అడిగి తెచ్చుకోవాలి.

అందుకే ఆ డిసెంబరులో దెబ్బతిన్నవారికి ఒక మాట. వోచర్ వచ్చిందని ఊరుకోకండి. టికెట్, రద్దు మెసేజ్, అది వచ్చిన సమయం, వేరే ప్రయాణానికి పెట్టిన ఖర్చుల బిల్లులు భద్రంగా పెట్టుకోండి. నియమం ప్రకారం రావాల్సిన పరిహారం రాకపోతే ముందు సంస్థను రాతపూర్వకంగా అడగండి, తరువాత ప్రభుత్వ ఎయిర్‌సేవలో ఫిర్యాదు పెట్టండి. అక్కడా తేలకపోతే మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. 2019 నాటి చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు, ఇండిగో కార్యాలయమున్న గురుగ్రామ్ దాకా పోనక్కర్లేదు. మీరు కట్టిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్లు. 2025 డిసెంబరు మొదటి వారంలో రద్దయిన విమానానికి 2027 డిసెంబరు మొదటి వారం దాకా టైముంది.